అయిదేళ్ళకి అయిదు నెలలు తక్కువ

ఆసుపత్రికి వచ్చేవాళ్ళు డాక్టర్లని చూస్తారు, నర్సుల్ని చూస్తారు, గేటు దగ్గర ఈల ఊదే వాచ్‌మన్‌ని కూడా చూస్తారు. మమ్మల్ని మాత్రం ఎవరూ చూడరు. మేం కింద, బండ్లు పెట్టుకునే చోటుకి ఆనుకుని, కిటికీ లేని గదిలో ఉంటాం. తలుపు తీస్తే పెట్రోలు వాసన, వేస్తే పాత కాగితాల వాసన. పైన తిరిగే ప్రతి మనిషీ, ఎంత గొప్ప సర్జనైనా సరే, ఒకప్పుడు ఈ గదిలోంచి కాగితమై వెళ్ళినవాడే. ఆ సంగతి వాళ్ళకి గుర్తుండదు. ఉండాలని మేమూ అనుకోం.

ఆ కాగితాలని వడకట్టే మనిషి మా జల్లెడక్క. ఆ పేరు నేనే పెట్టాను. మొదట కోపంగా చూసింది, తర్వాత తనే ఫోన్లో "నేను, జల్లెడని మాట్లాడుతున్నా" అనడం మొదలుపెట్టింది. నా టేబుల్ మీద హాజరు పట్టీలు, ఆమె టేబుల్ మీద దరఖాస్తులు. మధ్యలో ఒక ఫ్యాను, అది ఎటు తిరగాలన్నదాని మీద మా ఇద్దరికీ ఏళ్ళ తరబడి తగువు.

అక్క దరఖాస్తు చదివే తీరు వేరు. వెనక పేజీ నుంచి మొదలుపెడుతుంది. "ముందు పేజీలో వాళ్ళ గురించి వాళ్ళు చెప్పుకుంటారే, వెనక పేజీలో ఇంకొకళ్ళు చెబుతారు. ముందు ఇంకొకళ్ళు చెప్పింది వింటా" అంటుంది. పాత ఉద్యోగాల సర్టిఫికెట్లు, చేరిన తేదీ, వదిలిన తేదీ, ఏ వార్డు, ఏ హోదా. అన్నీ అయ్యాకే మొదటి పేజీ తిప్పి మనిషి పేరు చూస్తుంది. ఇంటికి వెళితే గడియారాలు బాగుచేసే మొగుడు "ఇవాళ ఎంతమంది నోట్లో మట్టి కొట్టావ్?" అని అడుగుతాడట. "వాళ్ళ నోట్లో కాదండీ, పోయిన వారం మీ చెల్లెలి కొడుకు నోట్లో కొట్టా" అని ఈవిడ జవాబు. నిజంగానే కొట్టింది. ఆ కుర్రాడి దరఖాస్తులో సరుకు లేదు.

అక్క మెత్తని మనిషని ఎవరైనా అనుకుంటే ఆ భ్రమ ఇప్పుడే వదులుకోండి. ఒకసారి ఈ ఆసుపత్రిని నడిపే ట్రస్టు పెద్దాయన బావమరిది స్నేహితుడు వచ్చాడు, మగ నర్సు, పన్నెండేళ్ళ అనుభవం. నర్సుల కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ గడువు దాటిపోయింది, తిరిగి చేయించుకోలేదు. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. అక్క కదల్లేదు. "ఇరవై ఏళ్ళు నడిపినవాడైనా లైసెన్సు లేకపోతే మన అంబులెన్సు తాళాలు ఇస్తామా సార్? చేయించుకుని రమ్మనండి, రేపే పిలుస్తా" అంది. ఆయన మళ్ళీ రాలేదు. అక్క నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని తర్వాతి దరఖాస్తు తిప్పింది.

ఇక మా స్కేలు సారు గురించి చెప్పాలి. చెప్పకుండా ఉంటే నా కడుపు ఉబ్బిపోతుంది.

స్కేలు సారు మా విభాగానికి కొత్తగా వచ్చిన అధికారి. వచ్చిన మొదటి రోజే గోడ మీది క్యాలెండర్ వంకరగా ఉందని సరిచేశాడు. రెండోరోజు మా కుర్చీలు సరిచేశాడు. మూడోరోజు నుంచి మమ్మల్ని సరిచేయడం మొదలుపెట్టాడు. ఆయన తెచ్చిన గొప్ప మార్పు ఏమిటంటే, ఇకనుంచి దరఖాస్తులన్నీ కంప్యూటర్లోనే రావాలి, అర్హత లేనివాటిని కంప్యూటరే తీసేస్తుంది, తీసేసినవాళ్ళకి 'చింతిస్తున్నాము' అని మెయిలు కూడా అదే పంపేస్తుంది. ఎవరూ చింతించక్కర్లేదు, మిషనే చింతిస్తుంది. "మనిషి చూస్తే పక్షపాతం వస్తుంది మేడమ్, మిషన్‌కి చుట్టాలుండరు" అన్నాడు అక్కతో. మిషన్‌కి చుట్టాలుండరు సరే, బుర్ర కూడా ఉండదని నేను పట్టీల వెనక గొణుక్కున్నాను.

ఇలా ఉండగా పసిపిల్లల ఐసీయూలో ఇన్‌ఛార్జి సిస్టర్ ఉద్యోగం ఖాళీ అయింది. నెల నిండకుండా పుట్టిన పిల్లల్ని పెట్టెల్లో పెట్టి, గొట్టాలు వేసి బతికించే చోటది. ఉన్న సిస్టర్ భర్తకి బదిలీ అయి వెళ్ళిపోయింది. మిగిలిన నర్సులు వరసగా రెండేసి షిఫ్టులు చేసి కళ్ళు లోపలికి పోయి తిరుగుతున్నారు. వెంటనే ప్రకటన ఇచ్చారు: పసిపిల్లల ఐసీయూలో కనీసం అయిదేళ్ళ అనుభవం.

దరఖాస్తులు వచ్చాయి. మిషను చకచకా తినేసి, నలుగురిని మిగిల్చింది. స్కేలు సారు ఆ నలుగురి జాబితా ప్రింటు తీసి, అక్క టేబుల్ మీద పెట్టి, "సంతకం పెట్టి పంపండి మేడమ్, సాయంత్రం నాలుగింటికి ఐసీయూ డాక్టరమ్మకి వెళ్ళాలి" అన్నాడు. మా ఆసుపత్రిలో వడపోత చేసినవాళ్ళ సంతకం లేకుండా ఏ జాబితా పైకి వెళ్ళదు. అది పాత పద్ధతి, ఆయన ఇంకా సరిచేయలేదు.

అక్క సంతకం పెట్టలేదు. మిషను తీసేసినవాటిని కూడా తెరిచి కూర్చుంది, అదీ వెనక పేజీ నుంచి. భోజనం డబ్బా మూత తియ్యలేదు. ఒక గంట తర్వాత "ఇలా రావే" అని నన్ను పిలిచింది. ఆ గొంతు విని ఎవరో పోయారేమో అనుకున్నాను.

"ఇవి రెండూ చూడు. ఇద్దరూ ఒకే పెద్దాసుపత్రి, ఒకే పసిపిల్లల ఐసీయూ. ఈ అమ్మాయి ముందు చేరింది. ఆ అమ్మాయి రెండు నెలలు వెనక చేరింది. అవునా?"

"అవును."

"వెనక చేరిన పిల్ల జాబితాలో ఉంది. ముందు చేరిన పిల్లకి మిషను చింతిస్తున్నాననేసింది."

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత ఫారం చూస్తే నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. స్కేలు సారు తయారుచేయించిన ఫారంలో 'అనుభవం, ఏళ్ళలో' అని ఒక గడి ఉంది. దాంట్లో పూర్తి అంకె తప్ప ఏదీ పట్టదు. నెలలకి చోటే లేదు. ముందు చేరిన అమ్మాయికి నాలుగేళ్ళ ఏడు నెలలు. ఇంకా అయిదు నిండలేదు కదా అని నాలుగు వేసింది. అసలు లెక్క వివరంగా ఉత్తరంలో రాసింది, మిషను ఉత్తరాలు చదవదు. వెనక చేరిన పిల్లకి నాలుగున్నర కూడా లేదు, దగ్గరే కదా అని అయిదు వేసింది. నాలుగు వేసిన సీనియర్ చెత్తబుట్టలో, అయిదు వేసిన జూనియర్ జాబితాలో. పక్షపాతం లేని మిషను చేసిన నిష్పక్షపాతం ఇది.

"అబద్ధం రాసిందన్నమాట" అన్నాను నేను.

"తొందరపడకు" అని అక్క ఆ పిల్లకి ఫోన్ చేసింది. ఆ పిల్ల భయపడిపోయి, "నెలలు వేస్తే తీసుకోవట్లేదు మేడమ్, ఏదో ఒకటి వెయ్యాలి కదా, సర్టిఫికెట్‌లో తేదీలు ఉన్నాయి కదా అనుకున్నా" అంది. తేదీలు నిజమే, ఏమీ దాచలేదు. అక్క ఆ సంగతి ఆ దరఖాస్తు పక్కనే రాసుకుని, వార్డులో చేసిన పని గురించి కూడా అడిగింది. తర్వాత మొదటి అమ్మాయికి చేసింది.

ఆ అమ్మాయి గొంతులో అప్పటికే ఆశ లేదు. మెయిలు చూసేసింది. "మాది కాంట్రాక్టు మేడమ్. ఈ నెలాఖరుతో మా వార్డులో కాంట్రాక్టు వాళ్ళని తీసేస్తున్నారు. ఈ ఊళ్ళో పసిపిల్లల ఐసీయూ ఉన్నది మీ దగ్గరా మా దగ్గరే. ఇది రాకపోతే ఏదో క్లినిక్‌లో ఇంజెక్షన్లు వేసుకుంటూ కూర్చోవాలి. అర్హత లేదని తెలిసీ అప్లై చేశాను, ఏమనుకోకండి" అంది.

"అర్హత సంగతి నేను చూస్తాలే. నువ్వు అక్కడ ఏం చేశావో చెప్పు" అంది అక్క. చెప్పింది. వెంటిలేటర్ మీదున్న పిల్లల్ని చూసింది, మొదటి ఏడాది తప్ప. రాత్రి షిఫ్టుకి బాధ్యురాలిగా ఏడాది పైన చేసింది. కొత్తగా వచ్చినవాళ్ళకి నేర్పింది. అక్క అడ్డు ప్రశ్నలు వేసింది, "రాత్రి నీతో ఎంతమంది నర్సులు? పిల్లలు ఎంతమంది? డాక్టర్ ఎక్కడ ఉంటారు?" అని. ఆ అమ్మాయి ఒక్కదానికి కూడా నీళ్ళు నమల్లేదు. చేయనిది చేయలేదనే చెప్పింది.

ఫోన్ పెట్టేశాక, నాలుగేళ్ళు దాటిన ఇంకో ఆవిడకీ చేసి అవే ప్రశ్నలు అడిగింది. తర్వాత జాబితాలో మొదటి పేరు మీద వేలు పెట్టింది. ఆరేళ్ళ అనుభవం, మిషనుకి ముద్దొచ్చిన మనిషి. సర్టిఫికెట్ మీద 'పిల్లల విభాగం' అని ఉంది. ఆవిడకీ ఫోన్ చేసింది. పాపం, ఆవిడ మంచిదే, దాపరికం లేకుండా చెప్పేసింది. మొదటి ఏడాది వేరే ఆసుపత్రి ఐసీయూ, మిగతా అయిదేళ్ళూ ఒక క్లినిక్‌లో టీకాల గది. "వెంటిలేటర్ మా క్లినిక్‌లో లేదండీ" అంది.

నిజం చెబుతున్నా, నాకప్పుడు ఆ జాబితాని నాలుగు ముక్కలు చేసి స్కేలు సారు టీలో కలపాలనిపించింది. అక్క మాత్రం జాకెట్టు భుజం సర్దుకుని, కాగితాలు తీసుకుని ఆయన గదికి బయల్దేరింది. నేనూ పట్టీల వంకతో వెనకే వెళ్ళాను. ఇలాంటి తమాషా వదులుకుంటానా?

అక్క అంతా విడమరిచి చెప్పింది. ఆయన విని, పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి న్యాయమూర్తిలా అన్నాడు: "అయితే చాలా సింపుల్ మేడమ్. ఇద్దరికీ అయిదు లేవు. ఇద్దర్నీ తీసేయండి."

ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నాట్ట వెనకటికొకడు. తప్పు ఫారంది, శిక్ష పిల్లలకి. పైగా టీకాల గది ఆవిడ జాబితాలో ఉండచ్చు, ఎందుకంటే ఆరు అయిదు కంటే పెద్దది!

"సార్, అసలు ఈ అయిదు ఎక్కణ్ణుంచి వచ్చింది?" అంది అక్క.

"డిపార్ట్‌మెంటు అడిగింది."

"డాక్టరమ్మనే అడుగుదామా?"

ఆయన "అడగండి" అనేశాడు, మనిషికి ధైర్యం ఎక్కువ. అక్క అక్కడి నుంచే ఫోన్ కలిపి స్పీకర్ మీద పెట్టింది. పసిపిల్లల ఐసీయూ పెద్ద డాక్టరమ్మకి మాటలు తక్కువ, విసుగు ఎక్కువ. "నేనెక్కడ అడిగాను? మీ సారే ఫోన్ చేసి, వెళ్ళిపోతున్న సిస్టర్‌కి ఎన్నేళ్ళ అనుభవం అని అడిగారు. అయిదన్నాను. తర్వాత చూస్తే ప్రకటనలో అయిదని ఉంది" అంది.

"ఆ సిస్టర్ మన దగ్గర ఇన్‌ఛార్జిగా చేరినప్పుడు ఎంత ఉంది మేడమ్?"

"మూడు. మూడే. ఏం, బాగా చెయ్యలేదా?"

ఆహా! కోడల్ని వెతకడానికి వెళ్ళి అత్తగారి వయసు కొలతగా పెట్టుకున్నాడు మా మహానుభావుడు. వెళ్ళిపోయేనాటి అనుభవం వచ్చేవాళ్ళకి ఉండాలట. స్కేలు సారు గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు. అది తిన్నగానే ఉంది పాపం.

"మీకు కావాల్సిందేమిటి మేడమ్, ఏళ్ళ మాట వదిలేసి చెప్పండి" అంది అక్క.

"నేను లేనప్పుడు బిడ్డ రంగు మారితే, నాకు ఫోన్ కలిసేలోపు చెయ్యాల్సింది మొదలుపెట్టే మనిషి కావాలి. కొత్తపిల్లలకి నేర్పాలి, షిఫ్టులు వెయ్యాలి. ఐసీయూ పని కనీసం రెండుమూడేళ్ళు చెయ్యనిదే అవి చేతికి రావు, అది మాత్రం చూడండి. తొందరగా పంపండి, మా నర్సులు నిలబడి నిద్రపోతున్నారు" అని పెట్టేసింది.

ఇంత విన్నాక ఎవరైనా తగ్గుతారు. తా పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకానికి తగ్గడం తెలియదు. స్కేలు సారు ముందుకు వంగి, "మేడమ్, ఆ రోజు మగ నర్సుకి మీరు ఒక్క ఇంచీ వదల్లేదట. అందరూ చెప్పారు. ఈ రోజు ఈ అమ్మాయికి అయిదు నెలలు వదులుతానంటున్నారు. ఏమిటి సంబంధం?" అన్నాడు. 'సంబంధం' అన్నప్పుడు ఆయన పెదవి చివర ఒక నవ్వు వచ్చింది. దాన్ని చెంపదెబ్బతో తుడవాలనిపించింది నాకు.

అక్కకి కోపం వచ్చిందని మెడ చూసి తెలుసుకున్నాను. గొంతు మాత్రం పెరగలేదు.

"అది చట్టం గీసిన గీత సార్. నేనే కాదు, ట్రస్టు పెద్దాయన కూడా చెరపలేడు. ఈ అయిదు మనం వేసుకున్న అంచనా. ఈ పని వచ్చి ఉంటుంది అనుకోడానికి ఒక గుర్తు, అంతే. పని వచ్చిందని వేరే రుజువు చేతిలో ఉన్నప్పుడు గుర్తుని పట్టుకుని వేలాడటం ఎందుకు?"

"ఒకళ్ళకి వదిలితే అందరికీ వదలాలి."

"వదలాలి. వదిలాను కూడా. నాలుగేళ్ళు దాటినవాళ్ళందరినీ బయటికి తీశాను, ముగ్గురు తేలారు. ముగ్గురినీ ఒకే ప్రశ్నలు అడిగాను. ఈ ఇద్దరూ నిలబడ్డారు. మూడో ఆవిడకి నాలుగేళ్ళ పది నెలలు, ఈ అమ్మాయి కంటే ఎక్కువే. కానీ అందులో మూడేళ్ళు కాన్పుల వార్డు, ఆవిడని తీసేశాను. మూడేళ్ళ వాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళు ఎప్పుడూ షిఫ్టు బాధ్యత చూడలేదు, అందుకని వాళ్ళూ లేరు. ఇంకో మాట. అయిదు చూసి అప్లై చెయ్యకుండా ఆగిపోయినవాళ్ళు బయట ఉంటారు. వాళ్ళకి అన్యాయం జరక్కూడదంటే ప్రకటన మార్చి ఇంకో నాలుగు రోజులు తెరిచి ఉంచాలి. ఈలోపు వీళ్ళ ఇంటర్వ్యూలు మొదలుపెట్టచ్చు, ఎంపిక మాత్రం అందరినీ చూశాకే."

ఇంతసేపూ చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. "అదంతా కుదరదు. రూల్ ఈజ్ రూల్. జాబితాలో ఉన్న ఆ పిల్ల పేరు కూడా కొట్టేసి సంతకం పెట్టండి" అన్నాడు.

అక్క లేచింది. అయిపోయింది, ఇక ఆ అమ్మాయి క్లినిక్‌లో ఇంజెక్షన్లు వేసుకోవాల్సిందే అనుకున్నాను. ఇన్నేళ్ళలో అక్క పై అధికారి మాటకి ఎదురుతిరగడం నేను చూడలేదు. వాదిస్తుంది, చివరికి చెప్పింది చేస్తుంది. ఇంట్లో ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు, గడియారాలు బాగుచేయించుకునేవాళ్ళు ఈ రోజుల్లో ఎవరున్నారు?

అక్క తన టేబుల్ దగ్గరికి వెళ్ళి కొత్త జాబితా తన చేత్తో రాసింది. టీకాల గది ఆవిడ పేరు తీసేసి, పక్కన కారణం రాసింది. మిగిలిన పేర్ల కింద ఈ అమ్మాయిలిద్దరి పేర్లూ చేర్చి, 'నాలుగేళ్ళ ఏడు నెలలు' అని ఒకదాని పక్కన, 'నాలుగేళ్ళ అయిదు నెలలు' అని ఇంకోదాని పక్కన, దాచకుండా ఉన్నదున్నట్టు రాసి, ఎందుకు పిలవాలో ఒక్కొక్కరికీ రెండు వాక్యాలు రాసింది. కింద సంతకం పెట్టింది. తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టింది.

"ఇది నేను సంతకం పెట్టగలిగిన జాబితా సార్. తీసెయ్యాలంటే మీరు తీసెయ్యండి, మీకా అధికారం ఉంది. ఎందుకు తీసేశారో ఆ పేర్ల పక్కన మీ చేత్తో రాసి, మీ సంతకం పెట్టండి. నేనే పైకి తీసుకెళ్ళి డాక్టరమ్మకి ఇస్తా."

ఆయన పెన్ను తీశాడు. కాగితం మీద ఆనించాడు. ఏం రాస్తాడు? 'వెళ్ళిపోయిన సిస్టర్‌కి అయిదేళ్ళు ఉన్నాయి కాబట్టి' అని రాస్తాడా? 'నా ఫారంలో నెలల గడి లేదు కాబట్టి' అని రాస్తాడా? నోటితో వందమందిని తీసేసే మొనగాడు, ఒక్క మనిషిని చేత్తో తీసెయ్యమంటే చెమటలు కక్కాడు. మిషను చాటున ఎంత నిష్పక్షపాతమో, పెన్ను చేతికొచ్చేసరికి అంత పిరికితనం. అక్క నిలబడే ఉంది. కూర్చోమని ఆయన అనలేదు, ఆమె అడగలేదు.

చివరికి పెన్ను మూత పెట్టి, "సరే, ఉంచండి. ఈసారికి" అన్నాడు.

"ప్రకటన?"

"మార్చండి."

"ఫారంలో నెలల గడి?"

"అబ్బా, పెట్టించండి మేడమ్!"

తర్వాతి నెల మీటింగులో ఆయన లేచి నిలబడి, మా విభాగం అనుభవాన్ని లోతుగా పరిశీలించే కొత్త పద్ధతి ప్రవేశపెట్టిందనీ, అది తన ఆలోచనేననీ చెప్పుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. అక్క కొట్టింది, "ఎవరి పేరుమీదైతే ఏమే, పద్ధతి ఉంటే చాలు" అని. నాకు అంత పెద్ద మనసు లేదు, ఉండాలని కోరికా లేదు. ఉద్యోగం ఎవరికి వచ్చిందంటారా? కొత్తగా వచ్చిన ఇద్దరితో కలిపి అందరినీ చూసి, డాక్టరమ్మ ఆ నాలుగేళ్ళ ఏడు నెలల అమ్మాయినే తీసుకుంది. రాకపోయినా ఈ కథ నేను చెప్పేదాన్నే. ఎందుకంటే నాకు మనసులో నిలిచిపోయింది ఉద్యోగం వచ్చిన రోజు కాదు, జాబితా పైకి వెళ్ళిన ఆ సాయంత్రం.

అక్క ఆ అమ్మాయికి ఫోన్ చేసింది. డ్యూటీలో ఉంది కాబోలు, వెనకాల ఏవో మిషన్లు కూస్తున్నాయి, ఒక పసిగుడ్డు సన్నగా ఏడుస్తోంది.

"ఎల్లుండి పొద్దున ఇంటర్వ్యూకి రామ్మా. ఒరిజినల్స్ తెచ్చుకో."

భయం భయంగా, పొరపాటున పిలిచారేమో, తర్వాత తెలిసి వెనక్కి పంపేస్తారేమో అన్నట్టు అడిగింది ఆ పిల్ల.

"మేడమ్... నాకు అయిదేళ్ళు లేవు. మీరు చూసుకున్నారు కదా?"

అక్క కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టి, కళ్ళు తుడుచుకుంది.

"చూశానమ్మా. అయిదు నెలలు తక్కువ. నువ్వు రా."